సేఫ్టీ వీక్‌లో 20 నిమిషాలు మాట్లాడమన్నారు: టేపు చుట్టిన వైరు, తడి నేల, డైరెక్ట్ చేసిన ఈఎల్‌సీబీ

భీమవరం వైర్‌మన్ · ఫిబ్రవరి 19, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌ని. మార్చి 4న సేఫ్టీ వీక్ మొదలవుతుంది. ప్రతి ఏడాదీ బయటి నుంచి ఎవరో వచ్చి హెల్మెట్ గురించి చెప్పి, ప్రతిజ్ఞ చేయించి, టీ తాగి వెళ్తారు. ఈసారి ఎవరూ దొరకలేదు. "కరెంటు గురించి నువ్వే చెప్పు" అన్నారు. వినేది 140 మంది దాకా. ముప్పావు వంతు ఆడవాళ్ళే, ఒలుపు, గ్రేడింగ్ టేబుళ్ళ దగ్గర పనిచేస్తారు. కొందరు ఒడిశా వాళ్ళకి తెలుగు అంతంతమాత్రం.

ఏం చెప్పాలా అని నిన్న హాల్లో ఒక రౌండ్ వేశాను. మూడో వరసలో ప్రెషర్ వాషర్ ఉంది. దాని కేబుల్‌కి మధ్యలో ఒక అతుకు, నల్ల టేపు చుట్టి ఉంది. ఆ అతుకు సరిగ్గా కాలవ పక్కన, నీళ్ళలో పడి ఉంది. బోర్డు తెరిచి చూస్తే, లీకేజీ వస్తే కరెంటు కొట్టేసే ఆ వరస ఈఎల్‌సీబీ డైరెక్ట్ చేసేసి ఉంది. బయటికెళ్ళే రెండు వైర్లూ పీకి, లోపలికొచ్చే వైర్ల దగ్గరే బిగించేశారు. అడిగితే నైట్ షిఫ్ట్ కుర్రాడు, "పొద్దున కడిగిన ప్రతిసారీ పడిపోతోంది సార్, మాల్ ఆగిపోతోందని తిడుతున్నారు" అన్నాడు.

మూడూ ఒకేచోట దొరికాయి. వీటి గురించే చెబుదామనుకుంటున్నాను. కానీ వాళ్ళకి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి? మిల్లీ ఆంపియర్లు అంటే నిద్రపోతారు.

---

సుబ్బు_కాకినాడ · ఫిబ్రవరి 19, రాత్రి 10:15

తడి నేల గురించి మా దగ్గర పోయినేడు చెప్పారు. పసుపు బోర్డు పెట్టాలి, గమ్‌బూట్ల అడుగు అరిగిపోతే మార్చాలి, ఐసు ముక్కలు ఎప్పటికప్పుడు ఊడ్చేయాలి. మా ప్లాంట్‌లో ఒకామె జారిపడి మణికట్టు విరిగింది. ఆ ఫోటోలు చూపిస్తే అందరూ విన్నారు. మీరూ అలాంటివి పెట్టండి.

---

భీమవరం వైర్‌మన్ · ఫిబ్రవరి 19, రాత్రి 10:22

సుబ్బు గారూ, జారిపడటం కాదండీ నేనడిగింది. తడి నేల మీద కరెంటు. అయినా మణికట్టు మాట గుర్తుంచుకుంటాను.

---

రిటైర్డ్ ఏఈ · ఫిబ్రవరి 20, ఉదయం 6:05

బాబూ, ముందు పని ముందు. ఉపన్యాసం మార్చి 4న. నువ్వు రాసింది చూస్తే మూడో వరసలో ఈ పూట కూడా జనం పనిచేస్తూ ఉంటారు. ఆ డైరెక్ట్ తీయించావా?

తీయించాక చదువు. ప్రతి హాల్లోనూ ఒక అపోహ ఉంటుంది: "ఎంసీబీ ఉంది కదా, షాక్ కొడితే అది పడిపోతుంది." ఎంసీబీ వైరుని కాపాడటానికి పెట్టింది. వైరు కాలిపోయేంత కరెంటు వెళ్తేనే దానికి చలనం. తడిసిన మనిషి ఒంటి నిరోధం సుమారు వెయ్యి ఓములు అనుకో. 230 వోల్టులు తగిలితే ఒంట్లోంచి వెళ్ళేది పావు ఆంపియర్ కన్నా తక్కువ. ఒక ట్యూబ్‌లైట్ తీసుకునేంత. మనిషి చావుకి అది ఎక్కువే, 16 ఆంపియర్ల ఎంసీబీకి లెక్కలోకే రాదు. మనిషి కింద పడి కొట్టుకుంటున్నా ఎంసీబీ లీవర్ పైనే ఉంటుంది.

ఈఎల్‌సీబీ అని మీరంటున్నది ఇవాళ అమ్మే ఆర్‌సీసీబీయే. అది ఎంత కరెంటు వెళ్తోందని చూడదు. ఫేజ్‌లో వెళ్ళింది న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా అని మాత్రమే చూస్తుంది. కిరాణా కొట్టు లెక్కలాంటిది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వచ్చిందంటే ఎక్కడో ఎవరి ఒంట్లోంచో భూమిలోకి పోతోందని కొట్టేస్తుంది, సెకనులో మూడో వంతు కూడా పట్టదు. మీరు పీకేసింది ఆ లెక్క చూసేవాణ్ణి.

ట్యూబ్‌లైట్ పోలిక చెప్పు, నిద్రపోరు.

---

గోపి ఎంటర్‌ప్రైజెస్ · ఫిబ్రవరి 20, ఉదయం 8:30

ఏఈ గారు చెప్పింది కరెక్టే కానీ, అసలు సంగతి ఎర్తింగ్. 15 ఏళ్ళుగా కాంట్రాక్టు వైరింగ్ చేస్తున్నా. గొయ్యి తీసి రాగి ప్లేటు, బొగ్గు, ఉప్పు వేసి ఎర్త్ బాగా పెట్టుకుంటే ఈ ఆర్‌సీసీబీల గోలే అవసరం లేదు. బాడీకి కరెంటు వస్తే ఎర్త్‌లోకి పోయి ఎంసీబీ పడుతుంది. ఆర్‌సీసీబీలు తడి ప్లాంట్లలో ఊరికే పడిపోతుంటాయి. మరీ అయితే 100 మిల్లీది వేసుకోండి, పడదు.

---

రిటైర్డ్ ఏఈ · ఫిబ్రవరి 20, ఉదయం 9:10

గోపి గారూ, ఎర్తింగ్ కావాలన్నది వంద శాతం నిజం. అక్కడితో ఆగితేనే చిక్కు.

మీ గొయ్యి 5 ఓములు ఉందనుకుందాం, మన ఊళ్ళల్లో అది మంచి గొయ్యే. తిరుగుదారి అంతా మట్టిలోంచే అయితే 230ని 5తో భాగించండి, 46 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడాలంటే సీ రకానికి కనీసం 80 కావాలి. 46కి వేడెక్కి ఎప్పుడో పడుతుంది, కొన్ని సెకన్లు కావచ్చు, అంతకు మించీ కావచ్చు. అప్పటిదాకా మెషీన్ బాడీ మీద కరెంటు అలాగే ఉంటుంది. అదీ ఎర్త్ వైరు తెగకుండా ఉంటేనే. వాషర్ కేబుల్‌లో ఎర్త్ తెగినా వాషర్ హాయిగా పనిచేస్తుంది. ఫేజ్ తెగితే ఆగిపోతుంది, ఎవరో ఒకరు బాగుచేస్తారు. ఎర్త్ తెగితే చెప్పేవాడే ఉండడు.

ఇక 100 మిల్లీది. అది అగ్నిప్రమాదం కోసం పైన మెయిన్‌లో పెట్టేది. చేత్తో ముట్టుకునే సాకెట్లకి 30 మిల్లీదే ఉండాలి. పడటం లేదు కదా అని 100ది పెడితే, మనిషి ఒంట్లోంచి 80 వెళ్తున్నా అది ఊరుకోవచ్చు.

---

గోపి ఎంటర్‌ప్రైజెస్ · ఫిబ్రవరి 20, ఉదయం 9:25

లెక్క ఒప్పుకుంటా సార్. కానీ కస్టమర్ ఫోన్ చేసి "ఫ్యాక్టరీ ఆగిపోయింది, రా" అన్నప్పుడు రాత్రి రెండింటికి వెళ్ళేది నేను. అప్పుడు అక్కడ మీ లెక్క ఎవరూ వినరు.

---

లక్ష్మి_గ్రేడింగ్ · ఫిబ్రవరి 20, మధ్యాహ్నం 1:50

నేను వేరే ప్లాంట్‌లో ఫ్లోర్ సూపర్‌వైజర్‌ని. మీరంతా కరెంటు వాళ్ళు కాబట్టి మీ వైపు నుంచే మాట్లాడుకుంటున్నారు. మా వైపు సంగతి ఒకటి చెప్తా.

మా దగ్గర రెండేళ్ళ కిందట ఒక టేబుల్ దగ్గర ఆడవాళ్ళు "టేబుల్ కొడుతోందమ్మా" అన్నారు. మోచేయి ఆనిస్తే జివ్వుమంటోందని. నేనూ చెయ్యి పెట్టి చూశాను, నాకేం అనిపించలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్టర్ పెట్టి "చిన్నగా వెలుగుతోంది, ఏం లేదు" అని వెళ్ళిపోయాడు. వాళ్ళు టేబుల్ మీద గోనెపట్టా పరుచుకుని రెండు రోజులు పనిచేశారు. మూడో రోజు ఒకామె ఒక చెయ్యి టేబుల్ మీద ఉండగా ఇంకో చేత్తో కుళాయి తిప్పింది. గట్టిగా కొట్టి వెనక్కి పడింది. దేవుడి దయ, బతికింది. హాస్పిటల్లో ఒక రాత్రి గుండె చూస్తూ ఉంచారు.

వాళ్ళు చెప్పలేదని కాదండీ. రెండు రోజుల ముందే చెప్పారు. ఎవరూ రాసుకోలేదు. మీ 20 నిమిషాల్లో ఆడవాళ్ళకి బుద్ధులు చెప్పే ముందు ఇది గుర్తుంచుకోండి.

---

రిటైర్డ్ ఏఈ · ఫిబ్రవరి 20, మధ్యాహ్నం 2:40

లక్ష్మి గారూ, మీరు రాసింది వెయ్యి పోస్టర్ల పెట్టు. ఎందుకలా జరిగిందో నాకు తోచింది చెప్తాను, మీ టేబుల్ నేను చూడలేదు కాబట్టి తప్పయితే సరిదిద్దండి. స్టీలు టేబుల్ కాళ్ళకి నైలాన్ బుష్‌లు ఉండి ఉంటాయి, అంటే టేబుల్‌కి భూమితో సంబంధం లేదు. ఏదో కేబుల్ దాని కాలి కింద నలిగింది. టేబుల్ మొత్తానికి కరెంటు వచ్చింది. ఆడవాళ్ళకి గమ్‌బూట్లు ఉన్నాయి కాబట్టి కరెంటుకి కిందికి మంచి దారి లేదు, జివ్వుమని ఊరుకుంది. కుళాయి ఇనుప పైపు. అది ముట్టుకోగానే ఒక చేతిలోంచి గుండె మీదుగా రెండో చేతికి దారి దొరికింది. అప్పుడిక బూట్లు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మీకు ఏమీ అనిపించకపోవడం కూడా అందుకే. పొడి చెయ్యి, పొడి బూట్లు.

---

లక్ష్మి_గ్రేడింగ్ · ఫిబ్రవరి 20, సాయంత్రం 6:30

కాళ్ళకి తెల్ల ప్లాస్టిక్ గుండీల్లాంటివి ఉన్న మాట నిజమే. కింద తూకం మెషీన్ వైరు నలిగింది. బూట్లు వేసుకుంటే కరెంటు కొట్టదనే ఇన్నాళ్ళూ అందరికీ చెబుతూ వచ్చాను.

---

దోహా శ్రీను · ఫిబ్రవరి 20, రాత్రి 11:05

అన్నా, ఇక్కడ మా సైట్‌లో చేసేది చెప్తా. ప్రతి చేతి మెషీన్‌కీ, ప్రతి ఎక్స్‌టెన్షన్‌కీ రంగు టేపు ఉంటుంది. మూడు నెలలకోసారి రంగు మారుతుంది. చెక్ చేసినవాటికే కొత్త రంగు. గేటు దగ్గర బోర్డు మీద "ఈ మూడు నెలల రంగు ఇది" అని ఉంటుంది. చదువు రానివాడు కూడా పాత రంగు చూసి పక్కన పెట్టేస్తాడు. ఒడిశా వాళ్ళకి భాష రాదన్నారు కదా, రంగుకి భాష అక్కర్లేదు.

ఇంకోటి, ఇక్కడ చేతి మెషీన్లు 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుపుతారు. మధ్యలో ఎర్త్ చేసి ఉంటుంది కాబట్టి భూమికి 55 వోల్టులే. మన దగ్గర అలాంటివి కొనమంటే ఓనర్ నవ్వుతాడని తెలుసు.

---

కిరణ్ జీడిమెట్ల · ఫిబ్రవరి 21, ఉదయం 7:20

ఫార్మా వాడిని. రియాక్టర్ లోపలికి దిగినప్పుడు మాకు 24 వోల్టుల హ్యాండ్‌ల్యాంపే ఇస్తారు. పాత ఫ్యాక్టరీల చట్టంలో 36ఎ అని ఉండేది, ట్యాంకులు, గుంటల్లాంటి చోట 24 దాటకూడదని. మీ ఐస్ ప్లాంట్ ట్యాంకుల్లోకి ఎవరైనా దిగుతారా? ఏ లైటుతో దిగుతున్నారో ఒకసారి చూడండి. మా పాత కంపెనీలో హోల్డర్‌కి రెండు వైర్లు తగిలించి 100 వాట్ల బల్బు దించేవాళ్ళు.

---

భీమవరం వైర్‌మన్ · ఫిబ్రవరి 23, రాత్రి 8:15

ఏఈ గారూ, డైరెక్ట్ తీయించాను. పొద్దున మళ్ళీ పడింది. తిట్లూ తిన్నాను. అందుకే ఆదివారం హాలు ఖాళీ చేయించి అసలు ఎందుకు పడుతోందో చూశాను. తెలిసిన టెస్టింగ్ వాళ్ళ దగ్గర లీకేజీ క్లాంప్ మీటర్ తెచ్చాను. మన మామూలు క్లాంప్‌లో మిల్లీ ఆంపియర్లు కనబడవు. ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిపి దాని నోట్లో పెడితే, తేడా ఎంతో అదే చూపిస్తుంది.

ఆ వరస మీద ఒకటే 40 ఆంపియర్ల ఆర్‌సీసీబీ, 30 మిల్లీది. దాని కింద 4 తూకం మెషీన్లు, 2 ఈగల లైట్లు, ఒక సీలింగ్ మెషీన్, ఒక ఫ్యాను, వాషర్ సాకెట్.

పొద్దున 6:30కి, కడిగిన వెంటనే, వాషర్ ప్లగ్ తీసేసి చూస్తే 11 మిల్లీ ఆంపియర్లు. అప్పటికే! ఒక్కొక్కటీ పీకుతూ వచ్చాను. సీలింగ్ మెషీన్ పీకగానే 5కి దిగింది. అంటే దాని హీటరే 6 తింటోంది. అరగంట నడిపాక మళ్ళీ చూస్తే అది 2కి వచ్చింది. రాత్రంతా చెమ్మ పట్టి, వేడెక్కాక ఆరుతోందన్నమాట. మిగతా 5 తూకాలు, లైట్లు అన్నీ కలిసి కొద్దికొద్దిగా.

వాషర్‌ని మాత్రం హీటర్ ఆరకముందే, మిగతావన్నీ మళ్ళీ పెట్టి చూశాను. కేబుల్ పొడిగా స్టూలు మీద పెడితే ఒకటి పెరిగింది, 12. అతుకుని బకెట్ నీళ్ళలో ముంచాను. 19, 20, 21 అయ్యి, టక్‌మని పడిపోయింది.

30ది కదా, 21కే ఎందుకు పడింది?

---

రిటైర్డ్ ఏఈ · ఫిబ్రవరి 23, రాత్రి 9:00

భేష్. ఇదీ పని.

30ది అంటే 30 లోపల కచ్చితంగా పడాలని. 15 దాటాక ఎక్కడైనా పడవచ్చు, ఐఎస్ 12640 ప్రకారం అది దోషం కాదు. నీ దానిలో పొద్దున 11 ముందే ఖర్చయిపోతోంది. మిగిలింది నాలుగు మిల్లీలే అనుకో, అతుకు తడిస్తే నిలబడదు. మధ్యాహ్నానికి హీటర్ ఆరి, నేల కాస్త ఆరి, పడటం మానేస్తుంది. అందుకే అందరూ "ఊరికే పడుతోంది" అంటారు. అది ఊరికే పడలేదు, టేపు లోపల నీళ్ళున్నాయని ప్రతి ఉదయం చెబుతూ వచ్చింది.

ఇంకోమాట. లీకేజీలన్నీ ఇలా నేరుగా కూడవు, అన్నీ ఒకే క్షణంలో గరిష్ఠానికి రావు. కానీ నీ పనికి ఈ లెక్క చాలు.

వాషర్ కేబుల్‌కి అతుకు అనేదే ఉండకూడదు. మొత్తం మార్చెయ్. టేపు నీళ్ళని ఆపదు, లోపలికెళ్ళిన నీళ్ళని బయటికి పోనివ్వదు. పైగా మీది ఉప్పు నీళ్ళు. ప్లగ్ టాప్ లోపల ఎర్త్ వైరు మిగతా రెంటికన్నా వేలెడు పొడుగు ఉంచు, లాగుడికి ఫేజ్ ముందు ఊడి ఎర్త్ ఆఖరున ఊడాలి. ఒక్క ఆర్‌సీసీబీ కింద అన్నీ పెట్టడం మానేసి, వాషర్‌కి ఒకటి, సీలింగ్ మెషీన్‌కి ఒకటి, తూకాలకి ఒకటి విడగొట్టు. అప్పుడు ఒకటి పడినా వరస ఆగదు, ఏది పడిందో చూడగానే తెలుస్తుంది. టేబుళ్ళన్నీ ఎర్త్‌కి కలుపు.

---

గోపి ఎంటర్‌ప్రైజెస్ · ఫిబ్రవరి 23, రాత్రి 9:20

హీటర్ చెమ్మ సంగతి నాకు కొత్త. నేను ఇలాంటి ప్లాంట్లలో ఎన్ని ఆర్‌సీసీబీలు "కంపెనీ బాగోలేదు" అని మార్చానో లెక్కలేదు.

---

సుబ్బు_కాకినాడ · ఫిబ్రవరి 23, రాత్రి 10:40

ఒక డౌటు. మా ఇంట్లో గీజర్ వేసినప్పుడల్లా ఆర్‌సీసీబీ పడుతోంది. చలికాలంలోనే. ఎలక్ట్రీషియన్ వచ్చి ఏదో చేశాడు, ఇప్పుడు పడటం లేదు. ఇదీ చెమ్మేనా?

---

రిటైర్డ్ ఏఈ · ఫిబ్రవరి 23, రాత్రి 10:48

సుబ్బూ, ఆ "ఏదో" ఏమిటో తెలిసేదాకా గీజర్ వాడకు. రేపు పొద్దున గీజర్ స్విచ్ ఆపి ఉంచి, ఫ్యాను వేసి, ఆర్‌సీసీబీ మీద టీ అని రాసి ఉన్న బటన్ నొక్కు. ఫ్యాను ఆగిందో లేదో చెప్పు.

---

సుబ్బు_కాకినాడ · ఫిబ్రవరి 24, ఉదయం 7:02

టక్‌మంది సార్. లీవర్ కిందికి వచ్చింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

---

రిటైర్డ్ ఏఈ · ఫిబ్రవరి 24, ఉదయం 7:06

డైరెక్ట్ చేశాడు. గీజర్ ఎంసీబీ దించేసి, వేరే మనిషిని పిలువు. వచ్చినవాణ్ణి హీటర్ ఎలిమెంట్‌ని, ఇన్సులేషన్ చూసే మెగ్గర్ పెట్టి చూడమను.

భీమవరం బాబూ, నీ ఉపన్యాసం ఇక్కడే దొరికింది. వైరు అతుకు కంటికి కనబడుతుంది, నీళ్ళు కనబడతాయి. డైరెక్ట్ చేసింది బోర్డు లోపల ఉంటుంది, మూత తీయకుండా కనబడదు. బయట నుంచి తెలుసుకునే ఒకే దారి ఇది. టక్‌మంటే చాలదు, ఫ్యాను ఆగాలి. ఒక హెచ్చరిక. బటన్ చూసేది పెట్టె లోపలి సంగతే. ఎర్త్ బాగుందో లేదో అది చెప్పదు. ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ రెండు చేతుల్తో పట్టుకున్నవాణ్ణి ఆర్‌సీసీబీ కూడా కాపాడదు, దాని లెక్కలో తేడా రాదు.

---

కిరణ్ జీడిమెట్ల · ఫిబ్రవరి 24, ఉదయం 10:15

బటన్ వర్కర్లతో నొక్కించమంటారా? మా దగ్గర ఒప్పుకోరు. బోర్డు ఎలక్ట్రీషియనే ముట్టుకోవాలని రూలు. తెలియనివాళ్ళని బోర్డు దగ్గరికి రప్పించడం నాకూ మంచిగా అనిపించడం లేదు.

---

లక్ష్మి_గ్రేడింగ్ · ఫిబ్రవరి 24, మధ్యాహ్నం 2:10

నొక్కేది ఎలక్ట్రీషియనే నొక్కనీయండి. ఫ్యాను ఆగిందో లేదో చూసేది మా వాళ్ళు. ఫ్యాను వాళ్ళ నెత్తి మీదే కదా తిరుగుతుంది. నెలకోసారి షిఫ్ట్ మొదట్లో అందరి ముందూ నొక్కితే, డైరెక్ట్ చేసినవాడు దాచలేడు.

---

కిరణ్ జీడిమెట్ల · ఫిబ్రవరి 24, మధ్యాహ్నం 2:30

అది బాగుంది. ఫార్మాలో ప్రొడక్షన్ వాళ్ళు మధ్యలో కరెంటు తీయనివ్వరు గానీ, మీ దగ్గర షిఫ్ట్ మారేటప్పుడు కుదురుతుందేమో.

---

గోపి ఎంటర్‌ప్రైజెస్ · ఫిబ్రవరి 24, మధ్యాహ్నం 3:05

అన్నీ సరే. "అతుకు కనబడితే పని ఆపండి" అని స్టేజి ఎక్కి చెప్తారు. కాంట్రాక్టు మీద రోజుకూలీకి వచ్చిన ఒడిశా పిల్ల పని ఆపుతుందా? ఆపితే మర్నాడు ఉంటుందా? అది చెప్పే ముందు మేనేజర్‌ని ముందు వరసలో కూర్చోబెట్టండి.

---

భీమవరం వైర్‌మన్ · ఫిబ్రవరి 25, రాత్రి 9:30

గోపి గారూ, అదే నా టెన్షన్ కూడా. మేనేజర్ గారితో మాట్లాడాను. "పని ఆపండి అని మాత్రం చెప్పకు, రిపోర్ట్ చేయండి అని చెప్పు" అన్నారు. ఎవరికి రిపోర్ట్ చేయాలి, చేశాక ఎంతసేపట్లో ఎవరొస్తారు అని అడిగితే తర్వాత చూద్దామన్నారు. చివరికి ఒక్కటి ఒప్పించాను. ప్లగ్ పీకడం పని ఆపడం కిందికి రాదు. అతుకున్న వైరు కనబడితే గోడ దగ్గర స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పొడి చేత్తోనే, నాకు చెప్పాలి. ఎవరు పీకారని అడగం. ఇది ఆయనే స్టేజి మీద చెప్తానన్నారు.

---

రిటైర్డ్ ఏఈ · ఫిబ్రవరి 25, రాత్రి 9:50

సాకెట్ నీళ్ళలో ఉంటేనో, చెయ్యి తడిగా ఉంటేనో ప్లగ్ కూడా ముట్టుకోవద్దని చెప్పించు. అప్పుడు దూరం జరిగి కేక వేయడమే. షాక్ తగిలి అతుక్కుపోయిన మనిషిని చూసినా అంతే, ముందు మెయిన్ ఆపాలి. పక్కనున్నామె చెయ్యి పట్టి లాగబోయి ఇద్దరూ పోయిన ఇళ్ళు నాకు తెలుసు.

---

భీమవరం వైర్‌మన్ · మార్చి 5, రాత్రి 10:20

నిన్న అయిపోయింది. 20 అనుకున్నది 35 నిమిషాలు పట్టింది.

స్లైడ్లు మానేశాను. ఒక చెక్క పలక మీద ఎంసీబీ, ఆర్‌సీసీబీ, 15 వాట్ల బల్బు, చిన్న ఫ్యాను బిగించుకుని వెళ్ళాను. బల్బు మనిషి అనుకోమన్నాను. బల్బుని ఫేజ్ నుంచి ఎర్త్‌కి కలిపే స్విచ్ పెట్టాను. ముందు ఎంసీబీ ఒక్కటే ఉంచి స్విచ్ వేశాను. బల్బు వెలిగింది, ఎంసీబీ కదల్లేదు. "మనిషి ఇంకా కాలుతూనే ఉన్నాడు" అన్నాను. తర్వాత ఆర్‌సీసీబీ కలిపి వేశాను. బల్బు వెలిగేలోపే టక్. రెండోసారి చూపించమన్నారు. మూడోసారి కూడా.

తర్వాత ఆర్‌సీసీబీని నేనే అందరి ముందూ డైరెక్ట్ చేసి టీ బటన్ నొక్కాను. లీవర్ పడింది, ఫ్యాను ఆగలేదు. ఒడియా తెలిసిన ప్యాకింగ్ కుర్రాడు పక్కన నిలబడి చెప్పాడు. వెనక వరసలోంచి ఒకామె లేచి, "మరి మా మూడో వరసలో మొన్నటిదాకా ఇలాగే ఉందా?" అని అడిగింది. అవునన్నాను. హాల్లో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. నైట్ షిఫ్ట్ కుర్రాడు అక్కడే ఉన్నాడు, వాడి పేరు నేను ఎత్తలేదు.

లక్ష్మి గారూ, మీ టేబుల్ కథ ఊరు పేరు లేకుండా చెప్పాను. అయిపోయాక ఇద్దరు వచ్చి ఏడో టేబుల్ కొడుతోందన్నారు. పోయిన వారం నుంచీ అట.

---

లక్ష్మి_గ్రేడింగ్ · మార్చి 5, రాత్రి 10:31

చూశారా?

---

రిటైర్డ్ ఏఈ · మార్చి 6, ఉదయం 5:50

ఎలా చూశావు? డిజిటల్ మీటర్ ఒక్కదాన్నీ నమ్మి ఉంటే నమ్మకు. గాల్లో పట్టే ఉత్తుత్తి వోల్టేజీ కూడా చూపిస్తుంది అది.

---

భీమవరం వైర్‌మన్ · మార్చి 6, రాత్రి 9:05

హాలు ఖాళీ అయ్యాక చూశాను సార్. టేబుల్‌కీ కుళాయికీ మధ్య మీటర్‌లో 90 చిల్లర చూపించింది. మీరు రాసింది గుర్తొచ్చి 15 వాట్ల బల్బు కలిపాను, వెలగలేదు, మీటర్ 3కి పడిపోయింది. అంటే ఉత్తుత్తిదే అనుకున్నాను. కానీ ఆ ఆడవాళ్ళకి జివ్వుమన్నమాట నిజం. పొద్దున కడిగాక మళ్ళీ చూడాలి, నేను చూసేసరికి నేల ఆరిపోయింది. ఈలోగా ఆ టేబుల్ వాడొద్దని తాడు కట్టాను. ఎర్త్ వైరు రేపు కలుపుతాను.

---

రిటైర్డ్ ఏఈ · మార్చి 6, రాత్రి 9:15

ఎర్త్ కలిపే ముందే పొద్దున తడిలో చూడు. ముందే కలిపేస్తే కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోందో దొరకదు. ఎవరినీ దగ్గరికి రానివ్వకు.

---

భీమవరం వైర్‌మన్ · మార్చి 7, ఉదయం 7:40

దొరికింది. టేబుల్ వెనక గోడకి ఈగల లైటు ఉంది. దాని వైరు కిందికి వేలాడి టేబుల్ అంచుకి రాసుకుంటోంది. పైపొర ఒక గింజంత మేర అరిగింది, రాగి ఇంకా కనబడటం లేదు. నీళ్ళు చల్లితే బల్బు మసగ్గా వెలిగి, ఆర్‌సీసీబీ పడింది. ఆరితే ఏమీ లేదు.

వాషర్ కొత్త కేబుల్ వచ్చింది. ఆర్‌సీసీబీలు విడగొట్టడానికి పెట్టిన ఇండెంట్ ఇంకా సంతకం కాలేదు.